ప్రవాసులకు ప్రవాస చిత్రాలు : ఎంపికలోని మెళకువలు

పుదుచ్చేరి పట్టణంలో ప్రవాసమనే మాటకు రెండు దిక్కులున్నవి. సముద్రతీరాన ఉన్న పాత ఫ్రెంచి వీధులలో ఐరోపానుంచి వచ్చి స్థిరపడినవారు కనిపిస్తారు. కాలువకు ఆవలివైపు ఇండ్లలో, ఫ్రాన్సుదేశంలో కొడుకో కూతురో అన్నో తమ్ముడో ఉన్నవారు కనిపిస్తారు. 1954 నవంబరులో ఇక్కడి పరిపాలన భారతదేశానికి సంక్రమించింది. 1956 లో కుదిరిన ఒడంబడిక 1962 ఆగస్టు 16 న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఇక్కడి ప్రజలలో పలువురికి ఆరు నెలలలోగా ఫ్రెంచి పౌరసత్వాన్ని కోరుకొనే అవకాశం కలిగింది. అట్లా కోరుకొన్న కుటుంబాల సంతతి నేడు రెండు దేశాలలోనూ ఉన్నది. ఫ్రెంచి సైన్యంలో కొలువు చేసి వచ్చినవారిని ఈ ఊరిలో "సొల్దా" అనే పేరుతోనే పిలవడం అలవాటు. ఈ పాలనలోనే, పట్టణానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన, గోదావరి ఒడ్డున తెలుగువారి యానాం ఉన్నది. యానాంనుంచి చదువుకో ఉద్యోగానికో పుదుచ్చేరికి వచ్చిన తెలుగు కుటుంబానికి అది మొదటి ప్రవాసమైతే, అక్కడినుంచి పారిసు చేరిన దాని బిడ్డలకు అది రెండవ ప్రవాసమవుతుంది.

ఇట్టివారు విదేశంలో ఒకచోట చేరి నాలుగు సాయంకాలాలు చిత్రాలు చూడాలనుకొన్నప్పుడు, లేక సెలవులకు వచ్చిన పిల్లలతో ఇక్కడ ఇంటనే కూర్చుని చూడాలనుకొన్నప్పుడు, ఏ చిత్రాలను ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు తరచుగా వచ్చే సమాధానం విషయాన్నిబట్టి ఎంపిక చేయడం. వలస పోయినవారి కథ అయితే చాలునని, అందులో తమ ఊరు కనబడితే మరీ మంచిదని అనుకొంటారు. ఈ పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో తెలుసుకొనడానికి పుదుచ్చేరివారికి మొదట స్ఫురించే చిత్రమే మంచి ఉదాహరణ.

"లైఫ్ ఆఫ్ పై" అనే చిత్రాన్ని ఆంగ్ లీ 2012 లో విడుదల చేశాడు. యాన్ మార్టెల్ 2001 లో ప్రకటించిన నవల దానికి మూలం. కథానాయకుడి బాల్యమంతా పుదుచ్చేరిలోనిదే. ఈ ఊరి వృక్షోద్యానమూ వీధులూ తెరమీద ఎంతో అందంగా కనిపిస్తవి. జంతుప్రదర్శనశాల నడిపే కుటుంబం కెనడాకు బయలుదేరుతుంది, ఓడ మునుగుతుంది, ఆ పిల్లవాడు ఒక పులితో నావలో మిగులుతాడు. చాలా ఏండ్ల తరువాత మాంట్రియల్‌లో స్థిరపడిన గృహస్థుగా మనకు మళ్ళీ కనిపిస్తాడు. ఊరు విడవడం ఉన్నది, పరాయి దేశంలో ఇల్లు ఉన్నది. కాని ఈ రెంటికీ నడుమ ఉన్నదంతా సముద్రమే. మొదటి చలికాలం, మొదటి జీతం, ఉచ్చారణ విని నవ్వినవారు, ఇంటికి రాసిన మొదటి ఉత్తరం - ప్రవాసి ఎరిగిన జీవితమంతా కథ దాటివేసిన ఆ సంవత్సరాలలోనే ఉన్నది. ఇది చిత్రంలోని లోపం కాదు. అది వేరొక విషయాన్ని గురించిన చిత్రం. అయితే దీనిని ప్రవాసజీవిత చిత్రమని ఎంచి చూపితే, చూసినవారు "మన ఊరు ఎంత బాగున్నది" అని ఇంటికి పోతారు. తమ బతుకును గురించి ఒక్క మాటైనా మాట్లాడరు. ఊరు కనబడడం వేరు, దూరం కనబడడం వేరు.

కాబట్టి ఎంపికలో మొదట అడగవలసిన ప్రశ్న "ఇది ఎవరి కథ?" అన్నది కాదు, "ఇది ఎవరికి చెబుతున్న కథ?" అన్నది. ప్రతి ప్రవాస చిత్రమూ ఏదో ఒక ఒడ్డున నిలబడి మాట్లాడుతుంది. కొన్ని చిత్రాలు ఊళ్ళో మిగిలినవారికి విదేశాన్ని చూపుతవి. కొన్ని ఆతిథ్యదేశంవారికి ఈ వచ్చినవారెవరో వివరిస్తవి. బహు కొద్ది చిత్రాలు మాత్రమే వెళ్ళినవారితోనే మాట్లాడుతవి. దీనిని పోల్చుకొనే గురుతు ఒకటున్నది. చిత్రంలో దేనిని వివరిస్తున్నారో, దేనిని వివరించకుండా వదిలిపెడుతున్నారో గమనించాలి. విమానాశ్రయమూ ఎత్తైన మేడలూ తీరికగా చూపి, వంటింటిలో తాలింపును మాత్రం వివరణ లేకుండా దాటిపోతే అది ఊళ్ళోవారికోసం తీసిన చిత్రం. తాలింపును వింతగా చూపి, వీధిని మామూలుగా చూపితే అది ఆతిథ్యదేశంవారికోసం తీసినది. రెండూ మామూలుగానే ఉండి, వాటి నడుమ ఉన్న మనిషి మాత్రమే ఇబ్బందిపడుతూ ఉంటే, అది ప్రవాసులకు చూపదగిన చిత్రం.

ఈ ప్రశ్నను ఒక కఠినమైన ఉదాహరణమీద పరీక్షింపవచ్చును. జాక్ ఓడియార్ తీసిన "దీపన్" అనే చిత్రానికి 2015 లో కాన్ ఉత్సవపు పరమోన్నత బహుమానం లభించింది. శ్రీలంక యుద్ధంలో ఓడిన పక్షపు సైనికుడొకడు, ఎవరో ఒక స్త్రీ, తల్లిలేని ఒక పిల్ల - ఏ సంబంధమూ లేని ఈ ముగ్గురూ చనిపోయిన ఒక కుటుంబపు పాస్‌పోర్టులతో భార్యాభర్తలుగా, కూతురుగా నటిస్తూ ఫ్రాన్సు చేరుతారు. పారిసు శివారులోని ఒక ఇళ్ళ సముదాయానికి అతడు కాపలాదారుగా కుదురుతాడు. ప్రధానపాత్ర ధరించిన అంతోనిదాసన్ యేసుదాసన్, శోభాశక్తి అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన తమిళ రచయిత. తానే బాల్యంలో పోరాటదళంలో ఉండి, తరువాత శరణార్థిగా ఫ్రాన్సు చేరినవాడు. దర్శకునికి తమిళం రాదు. అంటే, ఒక ఒడ్డునుంచి తీసిన చిత్రంలో మరొక ఒడ్డు మనిషి తన మాటతో, తన దేహంతో నిలబడి ఉన్నాడన్నమాట.

చిత్రం మొదటి రెండు భాగాలలో ఈ కలయిక సత్ఫలితాన్నిచ్చింది. తమిళమే ఇక్కడ ఇంటిభాష. ఫ్రెంచి గోడ అవతలి చప్పుడు. పిల్ల బడిలో ఫ్రెంచి నేర్చి పెద్దలకు దుబాసీ అవుతుంది. పెద్దలకు దుబాసీ అయిన పిల్లకు ఇంటిలో కలిగే అధికారాన్నీ, ఆ అధికారంవల్ల కలిగే ఒంటరితనాన్నీ ప్రవాసులు చెప్పకుండానే గుర్తుపడతారు. అయితే చివరిభాగంలో చిత్రం తుపాకుల కథగా మారుతుంది. ఆ శివారు యావత్తూ మాదకద్రవ్యాల ముఠాల రణరంగమై పోతుంది. ఇంగ్లండులో ముగిసే చివరి దృశ్యం నిజమో కలయో తెలియనంత సుఖంగా ఉంటుంది. పారిసు శివారులోనే ఇరవై ఏండ్లు నివసించి పిల్లలను చదివించుకొన్న ఒక పుదుచ్చేరి కుటుంబం దీనిని చూస్తే ఏమనుకొంటుంది? తమ ఇంటిని పరాయివారు ఎట్లా ఊహిస్తున్నారో మాత్రమే దానిలో కనబడుతుంది. కాబట్టి ఈ చిత్రాన్ని విడిచిపెట్టనక్కరలేదు గాని, పెద్దలకు మాత్రమే, చివరి భాగాన్ని గురించి వాదించుకొనడానికి తగిన వ్యవధి ఉంచి చూపాలి. చిన్నపిల్లలున్న సభలో ఇది తగదు.

ఇక రెండవ ప్రశ్న భాషను గురించినది. దీనిని తేల్చుకొనడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. నాయనమ్మ యానాంలో పుట్టి పెళ్ళితో పుదుచ్చేరికి వచ్చింది. తెలుగు చదవగలదు, తమిళం మాట్లాడగలదు, ఫ్రెంచి రాదు. కొడుకు పారిసులో ఉద్యోగి. మూడు భాషలూ వచ్చును. మనుమరాలు అక్కడే పుట్టిన పన్నెండేండ్ల పిల్ల. ఫ్రెంచి ఆమె మాతృభాష వంటిది, తెలుగు విని కొంత గ్రహిస్తుంది, చదవలేదు. ఈ ముగ్గురూ కలిసి చూడగల చిత్రం ఏది?

మొదటి సాయంకాలానికి మాటలతో పనిలేని చిత్రాన్ని ఎంచడం తెలివైన పని. చార్లీ చాప్లిన్ 1917 లో తీసిన "ది ఇమిగ్రెంట్" అరగంటకు మించని మూకీ చిత్రం. ఊగిసలాడే ఓడ, వాంతులు, జూదం; స్వాతంత్ర్యదేవత విగ్రహం కనబడగానే అందరూ ఆశతో చూడడం; మరుక్షణమే అధికారులు తాడు కట్టి వారిని పశువులవలె ఒక మూలకు తోయడం. రెండవభాగంలో చేతిలో డబ్బు లేక హోటలులో కూర్చున్నవాని భయం. నాయనమ్మకూ మనుమరాలికీ ఇందులో ఎవరి సహాయమూ అక్కరలేదు. ముగ్గురూ ఒకేచోట ఒకేసారి నవ్వుతారు. ఆ చిత్రం తీసినవాడు ఇంగ్లండునుంచి అమెరికాకు పోయినవాడేనన్న సంగతీ, 1952 లో అతడు అమెరికా విడిచి వెళ్ళగానే అతని పునఃప్రవేశానుమతి రద్దయినదన్న సంగతీ చిత్రం అయిన తరువాత చెప్పితే, ఆ తాడు దృశ్యానికి మరొక అర్థం వస్తుంది.

రెండవ సాయంకాలానికి ఆంగ్ లీ చిత్రమే తగును; అయితే పుదుచ్చేరి కనబడేది కాదు, అతని మొదటి చిత్రం, 1991 నాటి "పుషింగ్ హాండ్స్". బీజింగునుంచి వచ్చిన ఒక వృద్ధుడు, వ్యాయామవిద్యాగురువు, న్యూయార్కు సమీపంలో కొడుకు ఇంట ఉంటాడు. కోడలు అమెరికన్, రచయిత్రి. ఆమెకు చైనాభాష రాదు, అతనికి ఇంగ్లీషు రాదు. కొడుకు ఉద్యోగానికి పోతాడు. చిత్రం మొదలయిన చాలాసేపటివరకు ఒకే ఇంటిలో ఇద్దరు మనుష్యులు ఒకరినొకరు తప్పుకొని తిరగడమే తప్ప సంభాషణ లేదు. అతడు వ్యాయామం చేస్తాడు, ఆమె రాయలేక అవస్థపడుతుంది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు. చిట్టచివరకు వృద్ధుడు కొడుకు ఇంట ఉండడు. చైనావారి పేటలో ఒక చిన్న గది తీసుకొని విద్య నేర్పుతూ విడిగా బతుకుతాడు.

ఇందులో చైనావారున్నారు గనుక తెలుగువారికి దూరమని అనుకోరాదు. కొడుకు పిలిచాడని ఆరు నెలలు విదేశానికి పోయి, పగలంతా తాళంవేసిన ఇంటిలో కిటికీవద్ద కూర్చుని వచ్చిన తలిదండ్రులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వారు తిరిగివచ్చి "అంతా బాగున్నది" అంటారు. నాయనమ్మ తన నోట చెప్పలేని మాటను ఈ చిత్రం మరొక దేశపు మనిషిమీద పెట్టి చెబుతుంది. తన వారి కథ అయితే ఆమె కొడుకుకు కష్టం కలుగుతుందని నోరు మెదపదు; పరాయివాని కథ గనుక "పాపం ఆ ముసలాయన" అనగలదు. ఎంపికలో ఇది ముఖ్యమైన రహస్యం. ప్రవాసులకు తమ జాతి చిత్రమే ఎల్లప్పుడూ మేలైనది కాదు. ఒక అడుగు ఎడంగా ఉన్న కథ నోరు విప్పిస్తుంది.

కాని ఈ చిత్రాన్ని నాయనమ్మ చూడాలంటే తెరకింద తెలుగు మాటలుండాలి. ఇక్కడ అనువాదకుని పని ఆరంభమవుతుంది, తప్పులూ ఇక్కడే జరుగుతవి. పూర్తినిడివి చిత్రానికి ఇట్టి వాక్యాలు రమారమి వెయ్యి అవసరమవుతవి. తెరమీద ఒకసారికి రెండు పంక్తులకు మించరాదు. ఆరు సెకండ్లకు మించి నిలుపరాదు. లాటిన్ లిపిలో పంక్తికి నలభై అక్షరాలవరకు పట్టవచ్చును. తెలుగులో పైన గుడులూ, కింద వత్తులూ ఉండడంచేత రెండు పంక్తుల నడుమ ఎడం ఎక్కువ కావాలి, అక్షరం పెద్దది కావాలి. అంటే మాటలు తగ్గాలి. పాత్ర పన్నెండు మాటలు పలికితే అనువాదకునికి ఆరు మాటలే దక్కుతవి. కనుక సమాసాలు అర్థవంతాలైనా కన్ను వాటిమీద ఆగిపోతుంది. విడిమాటలు పొడుగైనా తొందరగా చదవబడతవి. వృద్ధులు చదివే వేగాన్ని దృష్టిలో పెట్టుకొని, చిత్రం చూపేముందు వారిలో ఒకరిని కూర్చోబెట్టి పది నిమిషాలు చూపి, కన్ను బొమ్మమీదికి తిరిగి వస్తున్నదో లేదో గమనించడం మంచి పరీక్ష. చూపు కిందనే నిలిచిపోతే మాటలు ఇంకా తగ్గించాలి.

ఇంతకన్న సూక్ష్మమైన ప్రమాదం మరొకటున్నది. "పుషింగ్ హాండ్స్" చిత్రంలో మామ మాటలూ కోడలి మాటలూ ఒకేవిధంగా తెలుగులోకి వస్తే, చూసేవారికి ఇద్దరూ అర్థమైపోతారు. ఇద్దరిమధ్య ఉన్న గోడ అదృశ్యమవుతుంది. ఆ గోడయే చిత్రానికి ప్రాణం గదా! అచ్చులో ఇట్టిచోట వాలు అక్షరాలు వాడడం కలదు. కాని తెరమీద తెలుగు వాలు అక్షరాలు చదవడం కష్టం. ఒక భాషను తెలుపురంగులో, మరొకదానిని పసుపురంగులో చూపడం సులువైన ఉపాయం. ఈ సంగతి ముందుగా ఒక్క మాట చెప్పితే చాలు. మామకు అర్థం కాని మాట ఏదో నాయనమ్మ రంగునుబట్టి తెలుసుకొంటుంది.

మూడవది సంబోధన. మన భాషలో "నువ్వు", "మీరు" అనే భేదం ఉన్నది, తమిళంలోనూ ఫ్రెంచిలోనూ ఉన్నది, ఇంగ్లీషులో లేదు. సాధారణంగా తెలుగు అనువాదకుని చేతికి వచ్చేది ఇంగ్లీషు వాక్యాల పట్టిక. దానినుంచి "దీపన్" వంటి చిత్రాన్ని అనువదిస్తే, దొంగ భార్యాభర్తలు ఒకరినొకరు ఏమని పిలుచుకొంటున్నారో, ఆ పిలుపు ఎప్పుడు మారినదో అనువాదకుడు ఊహించి రాయవలసి వస్తుంది. కుటుంబమని నటించే ముగ్గురు నిజంగా కుటుంబమవుతున్నారా లేదా అన్నదే ఆ కథ. ఆ సంగతి సంబోధనలోనే తేలవచ్చును. అట్టిదానిని ఊహకు విడిచిపెట్టరాదు. మూలభాష చెవితో వినగలవాడు ఒకడు పక్కన కూర్చోవాలి. పుదుచ్చేరిలో అట్టివానిని వెదకడానికి ఊరు దాటి పోనక్కరలేదు; తెలుగు, తమిళం, ఫ్రెంచి మూడూ వచ్చినవారు ఒకే ఇంటిలోనే దొరకవచ్చును.

మూడవ సాయంకాలం పెద్దలకు. సెనెగల్ రచయిత, దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1966 లో తీసిన "లా న్వార్ ద" గంటసేపటి చిత్రం. డకార్ నగరపు పిల్ల ఒకతె ఫ్రెంచివారి ఇంట పనికి కుదిరి ఫ్రాన్సు తీరానికి వస్తుంది. దేశం చూడాలని వచ్చిన ఆమెకు వంటిల్లూ పడకగదీ తప్ప మరేమీ కనబడవు. తల్లినుంచి ఉత్తరం వస్తుంది; ఆమెకు చదువు రాదు గనుక యజమాని చదివి, జవాబు కూడా తానే రాయబోతాడు. తన నోటికి రాని మాటలు తన పేరుతో ఇంటికి పోబోవడం చూసి ఆమె తల్లి ఉత్తరాన్ని చింపివేస్తుంది. ఆమె మనసులోని మాటలు చిత్రమంతటా ఫ్రెంచిలో, మరొక నటి కంఠంతో వినిపిస్తవి. తన భాష కూడా తనకు దక్కని మనిషి కథలో ఇది కావాలని చేసినదిగా తోచినా, నిర్మాణపు ఇబ్బందిగా తోచినా, చర్చించదగిన విషయమే. కథ ఆమె ఆత్మహత్యతో విషాదాంతమవుతుంది. ఆ సంగతి దాచిపెట్టి చూపడం తప్పు. ఒంటరిగా పరాయి ఇండ్లలో పనిచేసేవారు, ఈమధ్యనే ఇల్లు విడిచి వచ్చినవారు సభలో ఉంటారు. ముందే చెప్పాలి, ఈ చిత్రాన్ని రాత్రి ఆఖరి ప్రదర్శనగా పెట్టి జనాన్ని చీకటిలోకి పంపరాదు, పగటిపూట చూపి తరువాత భోజనం ఏర్పాటు చేయడం మేలు.

నాలుగవ సాయంకాలానికి తెలుగు చిత్రం. జంధ్యాల దర్శకత్వం వహించి, అమెరికాలో తీసి, 1987 లో విడుదల చేసిన "పడమటి సంధ్యారాగం" చాలామంది ఎరిగినదే. సంప్రదాయాభిమాని అయిన తండ్రి, అతని కూతురు సంధ్య, పొరుగింటి అమెరికన్ యువకుడు - ఈ ముగ్గురి నడుమ జరిగే కథ. పైన చెప్పిన పరీక్షకు పెడితే ఇది ప్రధానంగా ఊళ్ళోవారికి చెప్పిన కథ. అయినప్పటికీ దీనిని ఎంచుకొనడానికి వేరొక కారణమున్నది. ఆనాడు సంధ్య పక్షాన నిలిచి తండ్రిమీద కోపగించుకొన్న యువతీయువకులు నేడు అరవై ఏండ్లకు సమీపించిన తలిదండ్రులు. వారి బిడ్డలు తాము కోరినవారిని తెచ్చి ఎదుట నిలబెట్టిన అనుభవం పలువురికి ఉన్నది. చిత్రం మారలేదు, చూసేవారు ఒక కుర్చీనుంచి మరొక కుర్చీకి మారారు. కొడుకు తన యౌవనంలో దీనిని చూసినప్పుడు ఎవరి పక్షమో, ఇప్పుడు ఎవరి పక్షమో మనుమరాలు అడగవచ్చును. ఎంపిక చేసేవారు చిత్రం తీసిన సంవత్సరాన్నీ, చూసేవారి వయస్సునూ పక్కపక్కన రాసుకొనడం ఇందుకే అవసరం.

ఒక వ్యావహారికమైన మాట కూడా చెప్పుకోవాలి. ఇంటిలో చూడడానికి కొన్న ప్రతికీ, నెలచందా చెల్లించి చూసే చిత్రానికీ, సభలో పదిమందికి చూపే హక్కు ఉండదు. హక్కుదారునికి రాసి లిఖితపూర్వకమైన అనుమతి పొందాలి. మన దేశంలో బహిరంగప్రదర్శనకు 1952 నాటి చలనచిత్ర చట్టం ప్రకారం ధ్రువపత్రమో మినహాయింపో ఉండాలి. తెలుగు వాక్యాలు చేర్చడానికి కూడా అనుమతి కోరవలసిందే. అనుమతి రానిపక్షంలో, కథను దృశ్యాలవారీగా రెండు పుటలలో తెలుగున రాసి ప్రదర్శనకు ముందు చదివి వినిపించడం ఒక మార్గం. మూకీల కాలంలో తెరపక్కన నిలిచి కథ చెప్పే వ్యాఖ్యాతలుండేవారు. నాయనమ్మకు ఆ పద్ధతి చిన్న అక్షరాలకన్న హితంగా ఉండవచ్చును.

ఈ నాలుగు చిత్రాలలో మూడింటికి తెలుగు అనువాదం కావాలి. మూకీలోని నాలుగు మాటలు తెలుగు చేయడానికి ఒక గంట పడుతుంది. ఆంగ్ లీ చిత్రంలోని వెయ్యి వాక్యాలకు కొన్ని వారాలు పడుతుంది. కవిత్వాన్నీ నవలలనూ భాషనుంచి భాషకు తెచ్చే రచయితలకు ఇది తెలియని విద్య కాదు. కొలత మాత్రమే వేరు. ఆ కొన్ని వారాల పని జరగనంతకాలం ఆ ఇంటిలో చిత్రం నడుస్తున్నప్పుడు మనుమరాలు తెరను చూస్తుంది, నాయనమ్మ మనుమరాలి ముఖాన్ని చూస్తుంది, కొడుకు ఇద్దరినడుమ కూర్చుని సగం మాటలు చెవిలో చెబుతూ సగం మింగివేస్తూ ఉంటాడు.